ఎముకల మాత్ర వేసుకున్నాక ఛాతీలో మంట

"పలాసలో అమ్మకి ఎముకల బలానికి వారానికొకటి అలెండ్రోనేట్ 70 ఇచ్చారు. పొద్దున్నే రెండు గుక్కల నీళ్లతో వేసుకుని మళ్లీ పడుకుంటుంది. ఇప్పుడు ఛాతీలో మంట అంటోంది. ఎందుకు?"

మాత్ర అన్నవాహికలో ఆగిపోయి ఉండొచ్చు, లేదా పడుకోగానే కడుపులోంచి పైకి తన్ని ఉండొచ్చు. ఈ మందు తగిలినచోట లోపలి పొర ఒరిసి పుండు పడుతుంది.

1. మంట ఉంది కాబట్టి తర్వాతి మాత్ర ఆపి, ముందు డాక్టరుకి చూపించండి. మింగుతుంటే నొప్పి, అడ్డుపడినట్టు ఉండటం కూడా అదే హెచ్చరిక. రక్తం కక్కితే వెంటనే ఆసుపత్రికి.

2. డాక్టరు మళ్లీ వేసుకోమంటే: లేవగానే పరగడుపున, నిండు గ్లాసు (సుమారు 200 మి.లీ.) మామూలు నీళ్లతో. చప్పరించకూడదు, నమలకూడదు.

3. చాలామంది తప్పేది ఇక్కడే. కనీసం 30 నిమిషాలు కూర్చోవాలి, లేదా నడవాలి. ఆ తర్వాత కూడా ఏదైనా తిన్నాకే నడుం వాల్చాలి. దిండుకి ఆనుకుని సగం పడుకోవడం కూడా వద్దు. అరగంట కూర్చోలేని మనిషైతే ఆ మాట డాక్టరుకి చెప్పండి, వేరే మందు చూస్తారు.

4. టీ, చోడి అంబలి, కాల్షియం మాత్ర ఆ అరగంట తర్వాతే. అంబలిలో కాల్షియం ఎక్కువ, మందుని ఒంటికి పట్టనివ్వదు.