సమయం వృథాపై ఒక సమావేశం, మూడు రకాల నవ్వు

ప్రశ్న: సార్కాజం, ఐరనీ, సెటైర్ నాకు ఒకేలా అనిపిస్తాయి. ఇంట్లోనో ఆఫీసులోనో జరిగే సంగతులతో తేడా చెప్పగలరా?

మా ఆఫీసులో ఒకసారి సమయం వృథా చేయకుండా పనిచేయడం గురించి సమావేశం పెట్టారు. పదకొండింటికి మొదలు కావాలి. ప్రొజెక్టర్ మొరాయించడంతో పన్నెండు దాటాక మొదలై, భోజనాల వేళ మించిపోయాక ముగిసింది.

ఆ సమావేశమే ఐరనీ. అక్కడ ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. సమయం మిగిల్చడానికి పెట్టినదే సమయాన్ని మింగేసింది. తలచినదానికి సరిగ్గా ఎదురుగా జరగాలి, అదీ అసలు సంగతి. బట్టలు ఆరేసిన రోజున వాన పడితే అది దురదృష్టం మాత్రమే. వానకు భయపడి ఇంట్లో ఆరేస్తే, పైకప్పు కారి అవే తడిస్తే ఐరనీ. మాటల్లోనూ ఐరనీ ఉంటుంది. బయట కుండపోతగా కురుస్తుంటే మా నాన్నగారు కిటికీలోంచి చూసి, "నడకకు మంచి రోజు" అంటారు. ఆ మాట ఎవరికీ గుచ్చుకోదు.

గుచ్చుకుంటే సార్కాజం, అంటే మన వెటకారం. సమావేశం అయ్యాక ఒక సహోద్యోగి దాన్ని నడిపించినాయనతో, "అప్పుడే ముగించారేమిటండీ, టీ వేళ దాకా సాగించాల్సింది" అన్నాడు. ఆయన ముఖం మాడిపోయింది. దీనికి ఎదుట ఒక మనిషి కావాలి, గొంతులో విరుపు కావాలి. అదే వాక్యం ఫోనులో సందేశంగా పంపితే పొగడ్త అనుకునేవారూ ఉంటారు. అయితే వెటకారం ప్రతిసారీ ఉల్టా మాటే కానక్కరలేదు. ఆలస్యంగా ఇల్లు చేరిన కొడుకును "ఇంటి దారి గుర్తుందా నాయనా?" అని అమ్మ అడిగితే, అదీ వెటకారమే.

మర్నాడు ఇంకొకరు ఉత్తుత్తి ప్రకటన ఒకటి రాశారు: "సమావేశాలు తగ్గించే విషయమై ప్రతి సోమవారం సమావేశం. రానివారు కారణం చెప్పుకోవడానికి మంగళవారం సమావేశానికి రావాలి." ఇది సెటైర్. ఇందులో ఐరనీ పనిముట్టు మాత్రమే, గురి మనిషి మీద కాదు, అలవాటు మీద. అందుకే నిన్న నొచ్చుకున్నాయన కూడా నవ్వాడు. ఆయన పేరు పెట్టి ఉంటే అది ఎత్తిపొడుపుగా మిగిలేది. గురజాడ 'కన్యాశుల్కం'లో డబ్బు పుచ్చుకుని చిన్నపిల్లను ముసలి లుబ్ధావధానులకు కట్టబెట్టబోతారు. మనం నవ్వేది ఆ ముసలాయనను చూసే అయినా, దెబ్బ తగిలేది ఆడపిల్లను అమ్ముకునే ఆచారానికి.

సెటైర్‌కు ఒక చిక్కుంది. అతిశయోక్తి వాస్తవానికి మరీ దగ్గరైతే అది సెటైర్ అని ఎవరికీ తెలియదు. ఆ ప్రకటన చదివిన కొత్త ఉద్యోగి ఒకతను మంగళవారం సమావేశం ఏ గదిలోనని నన్ను అడిగాడు.