పెదవి ముందు, మాట వెనక: ఫోను వీడియోను కత్తిరించే ముందు చూడవలసిన లెక్క

ప్రశ్న: సర్, డిగ్రీ చివరి సంవత్సరం చదువుతూ సాయంత్రాలు అమీర్‌పేటలో ఎడిటింగ్ నేర్చుకుంటున్నాను. కృష్ణానగర్‌లో ఒక చిన్న స్టూడియో వారు పరీక్షగా ఇరవై నిమిషాల ఫోను ఇంటర్వ్యూ ఇచ్చి, కత్తిరించి తెమ్మన్నారు. ఫోనులో చూస్తే అంతా బాగుంది. నా టైమ్‌లైన్‌లో మాత్రం సగం దాటాక పెదవులు ముందు కదులుతున్నాయి, మాట వెనక వస్తోంది. ప్రతి కట్ దగ్గరా ఆడియో జరిపినా మళ్లీ తప్పుతోంది. లాప్‌టాప్ పాతది కావడం వల్లనా? ఈ పని నీకు రాదు, మానెయ్ అని నాన్నగారు అంటున్నారు. ఏమి చేయాలి?
– ఒక విద్యార్థి, బోరబండ

సమాధానం: ముందు లాప్‌టాప్ సంగతి తేల్చుకుందాం. పాత యంత్రం ప్రివ్యూలో తడబడుతుంది, బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. కానీ రెండర్ చేసి బయటకు తీసిన ఫైలులో ఆ తడబాటు ఉండదు. మీ ఎడిట్‌ను రెండర్ చేసి, ఆ ఫైలును ఇంకో కంప్యూటర్లో చూడండి. అక్కడా మాట వెనకబడితే దోషం లాప్‌టాప్‌ది కాదు. మీరు చెప్పిన లక్షణాన్ని బట్టి, అక్కడా వెనకబడుతుందనే నా నమ్మకం. మొదట్లో సరిగ్గా ఉండి, పోనుపోను తేడా పెరగడం అనేది ఫ్రేముల వేగం నిలకడగా లేని ఫైలుకు గుర్తు.

సెకనుకు 30 ఫ్రేములు అని ఫోనులో పెట్టుకున్నా, ఫోను ఆ మాటకు కట్టుబడి ఉండదు. 30 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేముకు సెకనులో ముప్పయ్యో వంతుకు మించి వెలుతురు పట్టే సమయం ఉండదు. మబ్బు పట్టి గది చీకటి పడితే, బొమ్మ నల్లబడకుండా కెమెరా ఒక్కో ఫ్రేముకు ఎక్కువ సేపు వెలుతురు తీసుకుంటుంది. అప్పుడు సెకనుకు 24 మాత్రమే రావచ్చు. వెలుతురు రాగానే మళ్లీ 30కి వెళుతుంది. ఫోను వేడెక్కినా ఇలా తగ్గవచ్చు. మైకు వైపు మాత్రం ఈ గొడవ లేదు. ధ్వనిని మామూలుగా సెకనుకు 48,000 నమూనాల చొప్పున, గదిలో వెలుతురుతో సంబంధం లేకుండా, ఒకే వేగంతో నమోదు చేస్తుంది.

అయినా ఫోనులో సరిగ్గా ఎందుకు కనిపిస్తోందంటే, ఎంపీ4 ఫైలులో ప్రతి ఫ్రేముకూ అది ఎంతసేపు నిలవాలో రాసి ఉంటుంది. ప్లేయర్ ఆ సమయాలను చదివి ఫ్రేములను చూపిస్తుంది కాబట్టి మాటతో పొత్తు కుదురుతుంది. ఎడిటింగ్ టైమ్‌లైన్ అలాంటిది కాదు. అది సమానమైన గళ్లు గీసిన కాగితం. 30 వేగంతో పెట్టుకున్న టైమ్‌లైన్‌లో ప్రతి గడీ సెకనులో ముప్పయ్యో వంతే. కొన్ని ఎడిటర్లు ఫైలులోని సమయాలను గౌరవించి, అవసరమైన చోట ఒకే ఫ్రేమును రెండు గళ్లలో పెడతాయి. కొన్ని ఆ సమయాలను పక్కన పెట్టి, ఫ్రేములను వరుసగా గడికొకటి చొప్పున పేర్చుకుంటూ పోతాయి. చిక్కంతా ఈ రెండో రకంతోనే.

మీ ఇంటర్వ్యూనే లెక్క వేసి చూద్దాం. 20 నిమిషాలంటే 1,200 సెకన్లు, 30 చొప్పున 36,000 ఫ్రేములు ఉండాలి. మొదటి పది నిమిషాలు కిటికీ వెలుతురు బాగుంది, 18,000 ఫ్రేములూ వచ్చాయి అనుకోండి. రెండో సగంలో అప్పుడప్పుడు మబ్బు కమ్మి, అన్నీ కలిపి 20 సెకన్ల పాటు వేగం 24కు పడింది. పడిన ప్రతి సెకనుకూ ఆరు ఫ్రేములు తక్కువ, మొత్తం 120 తక్కువ. ఫైలులో ఉన్నవి 35,880. వాటిని ఎడిటర్ 30 చొప్పున పేర్చితే బొమ్మ 1,196 సెకన్లకే అయిపోతుంది. ధ్వని మాత్రం 1,200 సెకన్లూ ఉంటుంది. అంటే పది నిమిషాల దాకా తేడా లేదు, అక్కడి నుంచి మబ్బు పట్టిన ప్రతిసారీ బొమ్మ కొంచెం ముందుకు జరిగి, చివరికి మాట నాలుగు సెకన్లు వెనకబడుతుంది. మీరు చూస్తున్నది ఇదే తీరు. నాలుగు సెకన్లు చాలా పెద్ద తేడా. మాట బొమ్మకంటే సెకనులో ఎనిమిదో వంతు వెనకబడితేనే మామూలు ప్రేక్షకుడు పసిగట్టగలడు. ముందుకు వస్తే ఇంకా త్వరగా, దాదాపు సెకనులో ఇరవై రెండో వంతుకే తెలిసిపోతుంది.

ఇదే ఫైలును ఇంకో ఎడిటర్‌లో తెరిస్తే తప్పు వేరే రూపంలో కనిపించవచ్చు, దీన్ని బాగా గుర్తుంచుకోండి. ఆ ఎడిటర్ సగటు చూసుకుంటుంది: 35,880ని 1,200తో భాగిస్తే 29.9. ఆ వేగంతో పేర్చితే మొదలూ చివరా చక్కగా కలుస్తాయి. కానీ పదో నిమిషం దగ్గర రావలసిన 18,000వ ఫ్రేము 602వ సెకను దగ్గరకు చేరుతుంది. నడిమధ్యన బొమ్మ రెండు సెకన్లు ఆలస్యం, మాట ముందు. ఈ తొందరపాటు నేనూ చేశాను. సలహాల పనిలోకి రాకముందు ఎడిటింగ్ గదిలో పనిచేసేవాడిని. ఒక పెళ్లికి చుట్టాలు ఫోనులో తీసిన వీడియోను మొదలూ చివరా చూసి, బాగుంది కదా అని పంపించాను. నడుమ పురోహితుడి మంత్రం ఒక చోట, ఆయన నోరు ఒక చోట. ఆ కుటుంబం బాధపడింది, వాళ్ల బాధ న్యాయమైనదే. అప్పటి నుంచి నడుమ కనీసం రెండు మూడు చోట్ల చూడకుండా ఏ ఫైలునూ నమ్మలేదు.

ఇప్పుడు మీరు ప్రతి కట్ దగ్గరా ఆడియో జరిపినా ఎందుకు నిలవడం లేదో తెలుస్తుంది. మీరు జరిపింది ఆ ఒక్క క్షణానికే సరిపోతుంది. ఆ ముక్క నడుస్తూ ఉండగానే ఫ్రేములు మళ్లీ తగ్గితే తేడా మళ్లీ పుడుతుంది. క్లిప్ మొత్తం వేగాన్ని కొంచెం తగ్గించడం కూడా మందు కాదు. తేడా అంతటా సమానంగా పెరిగితేనే అది పనిచేస్తుంది, మీ తేడా మబ్బులను బట్టి పెరిగింది.

అనుమానాన్ని నిర్ధారించుకోవడానికి మీడియా ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంలో అసలు ఫైలును తెరవండి. `Frame rate mode` దగ్గర `Variable` అని ఉండి, `Minimum frame rate` 24 దగ్గర, `Maximum frame rate` 30 దగ్గర కనిపిస్తే సందేహం తీరినట్టే. కనిష్ఠం 29.97, గరిష్ఠం 30.03 లాంటి చిన్న తేడాలకు మాత్రం కంగారుపడకండి, అది సమయాలను అంకెల్లోకి సర్దడంలో వచ్చే సవరణ మాత్రమే కావచ్చు. ఇంకో మాట: మొదటి నుంచి చివరి దాకా తేడా ఒకే కొలతలో ఉంటే అది ఈ జబ్బు కాదు. బ్లూటూత్ మైకు ఆలస్యం లాంటిది అయ్యుంటుంది, దానికి ఆడియోను ఒక్కసారి జరిపితే చాలు.

మందు ఏమిటంటే, మొదటి కట్ పెట్టకముందే ఫైలును నిలకడ వేగంలోకి మార్చడం. వీడియో ఫైళ్లను మార్చే హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రాంలో అయితే `Video` ట్యాబులో `Framerate (FPS)` దగ్గర 30 ఎంచుకుని, కిందనున్న `Constant Framerate` పెట్టండి. అక్కడే ఉండే `Peak Framerate` పెడితే వేగం మళ్లీ మారుతూనే ఉంటుంది, మొదటిసారి చేసేవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఆజ్ఞలు టైపు చేసి నడిపే ఎఫ్ఎఫ్ఎంపెగ్ వాడడం అలవాటుంటే ఈ ఒక్క వరుస చాలు:

```
ffmpeg -i interview.mp4 -vf fps=30 -c:v libx264 -crf 16 -c:a pcm_s16le -ar 48000 interview_cfr.mov
```

ఇందులో `fps=30` ప్రతి ఫ్రేము అసలు సమయాన్ని చదివి, ఖాళీ వచ్చిన చోట పక్క ఫ్రేమునే మరోసారి పెడుతుంది. అందుకే నిడివి మారదు. నెట్‌లో కొందరు `-r 30` ను `-i` కంటే ముందు పెట్టమంటారు. అలా చేయవద్దు. అది ఫైలులోని సమయాలను వదిలేసి 30 చొప్పున లెక్కపెట్టమని చెప్పడమే. మీరు తప్పించుకోవాలనుకున్న దోషాన్నే ఆ ఆజ్ఞ ఫైలులోకి శాశ్వతంగా దించుతుంది.

మార్చిన ఫైలును మళ్లీ మీడియా ఇన్ఫోలో చూడండి. `Constant` అని ఉండాలి, నిడివి 20 నిమిషాలే ఉండాలి. తర్వాత టైమ్‌లైన్‌లో పెట్టి మూడో నిమిషం, పదకొండో నిమిషం, పందొమ్మిదో నిమిషం దగ్గర "ప", "బ", "మ" పలికే చోట్ల చూడండి. ఆ అక్షరాలకు పెదవులు మూసుకోక తప్పదు కాబట్టి సింక్ చూడడానికి అంతకంటే మంచి చోటు లేదు. చీకటి పడిన చోట్ల కదలిక కొంచెం కుదుపుగా అనిపించవచ్చు. అక్కడ లేని ఫ్రేములను ఎవరూ తెచ్చివ్వలేరు, కూర్చుని మాట్లాడే ఇంటర్వ్యూలో అది పెద్దగా కనిపించదు. ఒక కష్టం మాత్రం ముందే చెబుతాను: ఇప్పటిదాకా చేసిన కట్లు కొత్త ఫైలుకు సరిపోవు. ఫ్రేముల స్థానాలు మారాయి కాబట్టి పాత ఫైలు చోట కొత్తది తగిలిస్తే, తేడా మొదలైన చోటి నుంచి కట్లన్నీ జరుగుతాయి. మళ్లీ మొదటి నుంచి కత్తిరించండి. ఏ మాట ఉంచాలో, ఏది తీయాలో ఇప్పటికే తెలుసు కాబట్టి ఈసారి సగం సమయం కూడా పట్టదు.

ఆ స్టూడియో మిమ్మల్ని తీసుకుంటే మొదట ఇచ్చేది దాదాపుగా సహాయ ఎడిటర్ పనే: వచ్చిన ఫైళ్లను పరీక్షించి, మార్చి, పేర్లు పెట్టి ఎడిటర్‌కు అందించడం. కాబట్టి ఎడిట్‌తో పాటు నాలుగు వాక్యాల కాగితం కూడా ఇవ్వండి. ఫైలు వేగం ఎంత నుంచి ఎంతకు మారిందో, దాన్ని ఏ వేగానికి మార్చారో, సింక్ ఏ నిమిషాల దగ్గర చూశారో రాయండి. వాళ్లు షూట్ చేసేది ఐఫోనుతో అయితే సెట్టింగుల్లో కెమెరా కింద, `Record Video` లో `Auto FPS` ను ఆపమని సూచించండి. ఆండ్రాయిడ్ అయితే షట్టర్‌ను చేత్తో బిగించగలిగే కెమెరా యాప్ వాడి, సెకనులో యాభయ్యో వంతు దగ్గర పెట్టమనండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైటు కింద మినుకు కూడా తగ్గుతుంది. ఇవి చేసినా ఫోను వేగం కొద్దిగా కదలవచ్చు, అందుకే పరీక్ష మానకూడదు. ఫుటేజ్‌ను వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది కుదించి మళ్లీ తయారుచేస్తుంది, అసలు ఫైలునే పెన్‌డ్రైవ్‌లో అడగండి.

నాన్నగారితో వాదన పెట్టుకోకండి. పాత రెండర్, కొత్త రెండర్ రెండూ పక్కపక్కన పెట్టి, పందొమ్మిదో నిమిషం ఆయనకు చూపించండి. తర్వాత 36,000, 35,880 అనే రెండు అంకెలు కాగితం మీద వేసి, తేడాను ముప్పయ్యితో ఆయన్నే భాగించమనండి.