పాజూ కాదు, క్యాన్సిలూ కాదు, నేను చేసిన మూడో పని

*"జర్మన్ నేర్చుకునే యాప్‌కి నెలనెలా కడుతున్నాను. ఇంట్లో పనుల వల్ల రెండు మూడు నెలలు ముట్టుకోవడం కుదరదు. పాజ్ చేస్తే మంచిదా, క్యాన్సిల్ చేసి మళ్ళీ తీసుకుంటే మంచిదా? నా స్ట్రీక్, సేవ్ చేసుకున్న పదాలు ఏమవుతాయి? తర్వాత ఇదే రేటుకి ఇస్తారా?"*

పాత రేటు మీద ఉన్నారా? అయితే ఇంకేం ఆలోచించకుండా పాజ్ చేయండి. ఈరోజు కొత్తగా చేరేవాళ్ళు ఎంత కడుతున్నారో మీరూ అంతే కడుతుంటే క్యాన్సిల్ కొట్టేసి హాయిగా ఉండండి. నా లెక్కలో పాజ్ అనేది రేటు కాపాడుకోవడానికే, స్ట్రీక్‌కీ పదాలకీ దానితో పెద్దగా సంబంధం లేదు. కానీ ఈ రెండూ కాకుండా మూడో పని ఒకటుంది, మన ఇళ్ళల్లో అందరూ చేసేది అదే, నేనూ అదే చేసి నెలకి 250 రూపాయలు ఎక్కువ కట్టుకుంటున్నా, అసలు అది చెప్పడానికే ఈ జవాబు రాస్తున్నా.

నేను బీ1 పరీక్ష కోసం ఒక ఫ్లాష్‌కార్డుల యాప్ వాడేదాన్ని, పేరు చెప్పను. మొదట్లో చేరా కాబట్టి నెలకి 399. తర్వాత కొత్తవాళ్ళకి 649 చేశారు, నాలాంటి పాతవాళ్ళని మాత్రం 399 మీదే ఉంచారు. ప్రతి నెలా 14న కట్ అయ్యేది. ఫిబ్రవరిలో మా చెల్లి పెళ్ళి పెట్టుకున్నాం. పట్టుచీరల షాపింగులు, శుభలేఖలు, ఫంక్షన్ హాల్ వాడితో గొడవ (పార్కింగ్‌కి విడిగా డబ్బులంట, అడ్వాన్స్ తీసుకునేటప్పుడు నోరు విప్పలేదు), వీటి మధ్య నేను డెర్, డీ, దస్ చదువుతానా? జనవరి 20న మా ఆయనతో అన్నా, "ఏమండీ, రెండు నెలలు ఈ యాప్ ఆపేద్దాం, ఊరికే డబ్బులు పోతున్నాయి" అని. ఆయన నా చేతిలో ఫోన్ తీసుకుని "దీనికెందుకు అంత ఆలోచన" అంటూ యూపీఐ యాప్‌లోకి వెళ్ళి, ఆటోపే లిస్టులో ఆ మాండేట్ పట్టుకుని రద్దు చేసేశారు. పది సెకన్ల పని. "కావాలన్నప్పుడు మళ్ళీ పెట్టుకో" అన్నారు. నేనూ సరే అనుకున్నా.

ఇక్కడే దెబ్బ పడింది. మాండేట్ రద్దు చేస్తే మీ బ్యాంకు డబ్బులివ్వడం ఆపుతుంది, అంతే. యాప్ దృష్టిలో మీరు పాజ్ చేయలేదు, క్యాన్సిల్ కూడా చేయలేదు, డబ్బులు ఎగ్గొట్టిన మనిషి కింద లెక్క. ఫిబ్రవరి 14న వాళ్ళు 399 లాగబోయారు, రాలేదు. కొన్ని రోజులు గ్రేస్ ఇచ్చారు, మళ్ళీ మళ్ళీ ట్రై చేశారు, ఆ తర్వాత హోల్డ్‌లో పెట్టారు, అంటే సబ్‌స్క్రిప్షన్ బతికే ఉంటుంది కానీ ప్రీమియం పనిచేయదు. ఈ హోల్డ్‌లో ఉండగా వేరే కార్డో కొత్త మాండేటో పెట్టి డబ్బులు కట్టేస్తే అదే పాత సబ్‌స్క్రిప్షన్ అదే 399తో లేచి కూర్చునేది. కానీ ఆ మెయిళ్ళన్నీ ప్రమోషన్స్ ట్యాబ్‌లో చీరల ఆఫర్ల కింద పడి ఉన్నాయి, నేను చూస్తే కదా. హోల్డ్ గడువు దాటాక సబ్‌స్క్రిప్షన్ దానంతటదే పోయింది. పెళ్ళయ్యాక వేసవి సెలవులు, పిల్లలు, అమ్మ వాళ్ళ ఊరు, చివరికి నేను యాప్ తెరిచింది మే 28న. తెరవగానే 649. సపోర్ట్‌కి రాస్తే "మీ సబ్‌స్క్రిప్షన్ ముగిసింది కాబట్టి ప్రస్తుత ధర వర్తిస్తుంది" అని రెండు లైన్ల జవాబు, కింద మాత్రం స్మైలీ.

లెక్క వేసి చూస్తే, నేను కట్టకుండా మిగుల్చుకున్నది నాలుగు నెలలది, 1,596. ఇప్పుడు నెలకి 250 ఎక్కువ కడుతున్నా కాబట్టి ఏడో నెలకల్లా ఆ మిగిలింది మొత్తం పోయినట్టే, ఆ తర్వాత ఏడాదికి 3,000 చొప్పున చేతి నుంచి పోతుంది. పాజ్ చేసుంటే? నెలవారీ ప్లాన్‌కి ప్లే స్టోర్‌లో మూడు నెలల దాకా పాజ్ ఇస్తారు, అంటే ఫిబ్రవరి 14 నుంచి మే 14 వరకు రూపాయి కట్టే పని లేదు, మే 14న 399తోనే మళ్ళీ మొదలయ్యేది. నాతోపాటు క్లాస్‌కి వచ్చే అమ్మాయి సరిగ్గా అదే చేసింది, ఇప్పటికీ 399 కడుతోంది, కలిసినప్పుడల్లా నవ్వుతుంది.

మీరు ప్లే స్టోర్ ద్వారా కట్టే పనైతే అక్కడ మీ ఫొటో నొక్కి `Payments & subscriptions`, అందులో `Subscriptions`, మీ యాప్ మీద నొక్కితే `Manage`, అందులో `Pause payments` కనిపించాలి. కనిపించకపోతే ఆ యాప్ వాళ్ళు ఆ సౌకర్యం పెట్టలేదని, మీ ఫోన్ తప్పేం కాదు. ఈరోజు నొక్కినా ఈరోజే ఆగదు, కట్టిన నెల పూర్తయ్యేదాకా ప్రీమియం నడుస్తుంది, ఆ తర్వాతే పాజ్ మొదలు. పాజ్‌లో ఉన్నన్నాళ్ళూ ప్రీమియం ఉండదు, ఇది చాలామందికి తెలీక "పాజ్ చేశా, యాప్ పనిచేయట్లేదు" అని రివ్యూల్లో తిడుతుంటారు. గడువు అవ్వగానే మిమ్మల్ని అడగకుండానే డబ్బులు కట్ అవుతాయి. ఆటోపే ఉన్నవాళ్ళకి 24 గంటల ముందు మెసేజ్ వస్తుంది, రిజర్వ్ బ్యాంక్ రూల్ అది, ఆ మెసేజ్ ఒక్కటి చదవండి చాలు. ఇంకోటి, పాజ్ చేసి ఆ తర్వాత తెలివిగా మాండేట్ కూడా రద్దు చేయకండి, పాజ్ అయిపోయిన రోజు డబ్బులు రాక నా కథే మళ్ళీ జరుగుతుంది. ఐఫోన్‌లో ఆపిల్ ద్వారా కట్టేవాళ్ళకి ఈ పాజ్ బటనే ఉండదు, క్యాన్సిల్ ఒక్కటే. వెబ్‌సైట్లో కార్డు ఇచ్చి కొన్నవాళ్ళు ఆ వెబ్‌సైట్లోనే చూసుకోవాలి, ప్లే స్టోర్‌లో ఎంత వెతికినా దొరకదు. అలాగే కంపెనీ ఏదో ఒకరోజు పాతవాళ్ళ రేటు కూడా పెంచాలనుకుంటే పాజ్ ఏమీ ఆపలేదు, కాకపోతే ముందు మీకు చెప్తారు.

స్ట్రీక్ విషయం. నాది 297 రోజులు. 300కి ఇంట్లో కేక్ కోద్దామని పిల్లలతో చెప్పి పెట్టా కూడా. ప్రీమియం ఫిబ్రవరి 14 వరకు ఉన్నా పెళ్ళి హడావుడిలో ఫిబ్రవరి 3న మానేశా, చేతిలో రెండు ఫ్రీజ్‌లు ఉన్నాయి, అవి రెండు రోజులు కాపాడాయి, మూడో రోజు సున్నా. చూడండి, డబ్బులు ఆగకముందే స్ట్రీక్ పోయింది. ఇలాంటి యాప్‌లలో స్ట్రీక్ లెక్కేసేది రోజుని, మీ బిల్లుని కాదు. డుయోలింగోలో అయినా అంతే, సూపర్ అనే పెయిడ్ ప్లాన్ తీసేసినా ఫ్రీగా రోజూ ఒక పాఠం చేస్తే స్ట్రీక్ ఉంటుంది, సూపర్ కడుతూ పాఠం మానేస్తే పోతుంది. కాబట్టి స్ట్రీక్ కావాలంటే పాజ్ అయినా క్యాన్సిల్ అయినా రోజూ రెండు నిమిషాలు ఫ్రీ వెర్షన్‌లో ఒక పాఠం చేసేయండి. నా అభిప్రాయం అడిగితే పోనీయండి దాన్ని. చివరి రెండు నెలలు నేను నేర్చుకున్నది ఏమీ లేదు, రాత్రి 11:50కి దుప్పట్లో కూర్చుని అన్నిటికన్నా తేలిక పాఠం చేసి పడుకునేదాన్ని. మా అత్తగారు "ఆ ఫోన్ అరుపేంటే అర్ధరాత్రి" అనేవారు.

సేవ్ చేసిన పదాలు పోలేదు. నావి 2,340 కార్డులు, అన్నీ అకౌంట్‌లోనే ఉన్నాయి. డేటా అకౌంట్‌తో ఉంటుంది, సబ్‌స్క్రిప్షన్‌తో కాదు, అకౌంట్ డిలీట్ కొడితేనే పోతుంది (డిలీట్ కొట్టినంత మాత్రాన కటింగ్ ఆగుతుందనుకోకండి, అది వేరే, ఇది వేరే). కానీ ఉండటం వేరు, వాడుకోగలగడం వేరు. ఫ్రీ ప్లాన్‌లో నా కార్డులు కంటికి కనిపిస్తున్నాయి, రోజుకి 20 మాత్రమే ప్రాక్టీస్ చేయనిస్తుంది, ఎక్స్‌పోర్ట్ నొక్కితే తాళం బొమ్మ. నా చేత్తో టైప్ చేసుకున్న పదాలు బయటికి తీసుకోవాలన్నా డబ్బులు కట్టాలి! అందుకని పాజ్ అయినా క్యాన్సిల్ అయినా ప్రీమియం ఉండగానే ఎక్స్‌పోర్ట్ చేసి ఆ ఫైల్ మీ మెయిల్‌కి మీరే పంపుకోండి.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. ఈ ఫ్లాష్‌కార్డుల యాప్‌లు ఏ పదం ఏ రోజు మర్చిపోతారో అంచనా వేసి ఆ రోజుకి రివ్యూ పెడతాయి కదా, పాజ్ చేస్తే బిల్లు ఆగుతుంది గానీ ఆ క్యాలెండర్ ఆగదు. మే 28న 649 కట్టి లోపలికెళ్తే 1,870 రివ్యూలు నా కోసం కూర్చుని ఉన్నాయి. పౌరుషంతో మొదటి రోజు 200 చేశా, సగం తప్పులు, ష్లుస్సెల్ అంటే తాళంచెవి అని గుర్తుంది, దాని ముందు డెర్రా దస్సా గుర్తులేదు. తప్పినవన్నీ మర్నాటి లిస్టులో మళ్ళీ చేరాయి. అలా మూడు రోజులు చేసి ఏడుపొచ్చి, సెట్టింగ్స్‌లో రోజుకి 60 అని లిమిట్ పెట్టా, కొత్త పదాలు సున్నా చేశా. పాత గుట్ట కరగడానికి నెలన్నర పైనే పట్టింది. తిరిగొచ్చిన మొదటి నెల డబ్బులు దీనికే పోతాయని ముందే అనుకోండి.

క్యాన్సిల్ నొక్కితే ఆఫర్ వస్తుంది, అది పట్టుకోవచ్చు కదా అని మా బావగారు వాదిస్తారు. ఆయనకి వేరే యాప్‌లో మూడు నెలలు సగం ధరకి ఇచ్చారు నిజమే, నాలుగో నెల నుంచి పూర్తి కొత్త రేటు పడింది, అది మాత్రం చెప్పరు. మీరు పొరపాటున క్యాన్సిల్ నొక్కేసి ఉంటే కంగారు పడకండి, కట్టిన నెల ఇంకా అయిపోకపోతే ప్లే స్టోర్‌లో అక్కడే తిరిగి ఆన్ చేసుకోవచ్చు, పాత రేటు అలాగే ఉంటుంది. ఆ తేదీ దాటాక మాత్రం మీరు కొత్త కస్టమరే.

ఇప్పుడు నాకు 649 నడుస్తోంది. ప్రతి నెలా 27న "రేపు కట్ అవుతుంది" అని మెసేజ్ రాగానే ఏం మాట్లాడకుండా ఫోన్ తీసుకెళ్ళి మా ఆయన ముందు పెడతా. ఆయన చూసి "టీ పెట్టనా?" అంటారు.