పాతవాళ్లకు ఫోన్ చేసే ముందు హాజరు రిజిస్టర్ తియ్యి

చిన్నా,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. నీ జిమ్ములో గడువు ముగిసిన వందమందిలో ముప్పై మంది కూడా మళ్లీ కట్టడం లేదని, అందుకే సంక్రాంతికి 'పాత మెంబర్లకు సగం ధర' అని ఫ్లెక్సీ కట్టిస్తానని రాశావు. ఫ్లెక్సీకి ఇంకా అడ్వాన్స్ ఇవ్వకపోతే మాత్రం ఇవ్వకు. నేను రాజమండ్రిలో జిమ్ము నడిపిన రోజుల్లో ఆ పని చేసి చూశాను. ఏడాదికి తొమ్మిది వేలున్న ఫీజు పాతవాళ్లకు నాలుగున్నర వేలన్నాను. నలభై మందికి పైగా వచ్చి కట్టారు. మూడో రోజు పొద్దున్నే, క్రమం తప్పకుండా వచ్చే ఒక రిటైర్డ్ మాస్టారు నెల క్రితం నాటి తన రసీదు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. "మానేసినవాడికి నాలుగున్నర, మానకుండా వచ్చేవాడికి తొమ్మిదా అబ్బాయ్?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. సగం ధరకు వచ్చినవాళ్లలో ఎక్కువమంది రెండు నెలల్లోనే కనపడకుండా పోయారు. మరుసటి ఏడు పూర్తి ఫీజు చెబితే, మళ్లీ ఆఫర్ ఎప్పుడు పెడతారని అడిగారు.

ఆ తర్వాత నాకు అర్థమైంది ఇది. మన దగ్గర మెంబరు ఫీజు అయిపోయిన రోజున మానడు, అంతకు చాలా ముందే మానేస్తాడు. కాబట్టి నువ్వు గడువు తేదీల జాబితా పక్కన పెట్టి, హాజరు రిజిస్టరో బయోమెట్రిక్ రికార్డో తీసి, ఒక్కొక్కరు చివరిసారి ఎప్పుడు వచ్చారో పేరు పక్కన రాయి. రెండు సాయంత్రాల పని. రాశాక జాబితా దానంతటదే రెండుగా విడిపోతుంది. గడువు చివరి వారం దాకా వస్తూ, రెన్యువల్ మాత్రం చేయనివాళ్లు ఒక రకం. ఏడాదికి కట్టి, ఆరో వారంలోనో మూడో నెలలోనో ఆగిపోయి, మిగతా డబ్బు వదిలేసుకున్నవాళ్లు రెండో రకం. మొదటివాళ్లకు వ్యాయామం అలవాటుగానే ఉంది. వాళ్లకు నచ్చనిది నీ జిమ్ములోనే ఏదో ఉంది, లేదా దగ్గర్లో ఇంకొకటి తెరిచారు. రెండోవాళ్లకు నీ మీద కోపమేమీ లేదు. అలవాటు తెగిపోయింది, ఇప్పుడు ఆ తలుపు తోసుకుని రావాలంటే మొహమాటం. ఈ ఇద్దరికీ ఒకే మెసేజ్ పంపితే ఇద్దరికీ తగలదు.

మాల వేసుకున్నవాళ్లను ఈ జాబితాలో కలపకు. కార్తీకంలో అయ్యప్ప దీక్ష తీసుకున్నవాళ్లు నలభై ఒక్క రోజులు రారు. కొందరు మకరజ్యోతి దాకా ఉంటారు. వాళ్లకు ఆ రోజులు గడువులో కలిపి ఇచ్చెయ్యి, జ్యోతి దర్శనం అయ్యాక ఒక్క ఫోన్ చాలు. ఊరు మారినవాళ్లు, కోర్సు అయిపోయి వెళ్లిపోయిన స్టూడెంట్లు, నంబరు పనిచేయనివాళ్లను కూడా కొట్టేస్తే మిగిలేదే నీ అసలు జాబితా.

ఇక ఫోన్ల సంగతి. రిసెప్షన్ అమ్మాయి చేత చేయించకు. ఆ మనిషికి సెట్లు చేయించిన ట్రైనరో, నువ్వో చెయ్యాలి. పొద్దున పదకొండు తర్వాత జిమ్ము ఖాళీగా ఉంటుంది కదా, అప్పుడు కూర్చుని రోజుకు పది మించకుండా చెయ్యండి. పది దాటితే గొంతులో విసుగు వచ్చేస్తుంది, అవతలివాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. "ఎందుకు మానేశారు?" అని మాత్రం అడగొద్దు. అలా అడిగితే 'పని ఎక్కువైందండీ' అనే జవాబే వస్తుంది, అందులో నీకు తెలిసేది ఏమీ ఉండదు. మా ట్రైనర్ ఒకడు బాగా మాట్లాడేవాడు. ఒక బ్యాంకు ఉద్యోగితో వాడు మాట్లాడింది నేను పక్కనుండి విన్నాను.

"సార్, నమస్తే. మీ భుజం నొప్పి ఎలా ఉంది? అప్పుడు లాట్ పుల్‌డౌన్ ఆపేశాం కదా."

"తగ్గిందయ్యా. నేనే రావట్లేదు."

"చివర్లో వచ్చినప్పుడు ఇక్కడ మీకు ఇబ్బందిగా ఉన్నదేంటి సార్? నాకు తెలిస్తే మిగతావాళ్లకైనా సరిచేస్తాం."

అవతల కాసేపు మాట లేదు. తర్వాత చెప్పారాయన. బ్యాంకు నుంచి ఏడింటికి వచ్చేసరికి రెండు బెంచీలూ విడిగా ట్రైనర్‌ను పెట్టుకున్న పీటీ క్లయింట్ల దగ్గరే ఉంటున్నాయట. పావుగంట నిలబడి, ట్రెడ్‌మిల్ మీద నడిచి ఇంటికి వెళ్లిపోయేవారట. మా ట్రైనర్ ఫీజు ఊసే ఎత్తలేదు. ఆయన అన్నది అన్నట్టే నోట్‌బుక్‌లో రాసుకుని, కనుక్కుని మళ్లీ చేస్తానని పెట్టేశాడు.

మొదటి ముప్పై ఫోన్లు అయ్యాక ఆపి, ఆ నోట్‌బుక్ ఒకేసారి చదువు. నీ మెసేజ్‌లో లేనిది, అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. 2018లో మా దగ్గర అలా చదివితే, ముప్పైలో పదకొండు మంది సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిది మధ్య రద్దీ గురించే చెప్పారు. ఆడవాళ్లలో ముగ్గురు, ఒకరికొకరు తెలియనివాళ్లు, లేడీస్ బాత్‌రూమ్ గడియ సరిగా పడదని చెప్పారు. ఆ గడియ ఎనభై రూపాయలది. ఏడు నెలలుగా అలాగే ఉందట, నాకు ఒక్కరూ చెప్పలేదు. మిగతా ఫోన్లు ఆపేశాం. గడియ మార్చాం. ఆ గంటన్నరలో ఒక బెంచ్, ఒక కేబుల్ మెషీన్ పీటీ వాళ్లకు ఇవ్వకూడదని పెట్టాం. ట్రైనర్లు గొణిగారు, వాళ్ల కమిషన్ పోతుందని. పీటీ టైములు పొద్దున్నకు జరిపి సర్దుకున్నాం. మూడు వారాల తర్వాతే ఫోన్లు మళ్లీ మొదలుపెట్టాం. కారణం అలాగే ఉంచి పిలిస్తే, వచ్చినవాడు రెండోసారి మానతాడు. ఆ తర్వాత ఎన్ని ఫోన్లు చేసినా రాడు.

రెండో ఫోన్‌లో మొదటి రకంవాళ్లకు సరిచేసిన సంగతి చెప్పి, ఒక సాయంత్రం వచ్చి చూసి వెళ్లమంటే చాలు. ఫీజు ఎక్కువని మానేసినవాళ్లకు ఇంకో మాట ఉంది. నువ్వు జీఎస్టీ వసూలు చేస్తున్నవాడివైతే, 2025 సెప్టెంబర్ 22 నుంచి జిమ్ములకు అది 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ తేడా వాళ్ల బిల్లులో కనిపించేలా చెయ్యి. కాకపోతే నువ్వు కొన్నవాటి మీద కట్టిన పన్నుకు ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, ఆ లెక్క ముందుగా మీ ఆడిటర్‌తో చూసుకో.

రెండో రకంవాళ్లకు డిస్కౌంట్ వద్దు, వాళ్లు వాడుకోని రోజులు వెనక్కి ఇవ్వు. పది నెలలు వదిలేసుకున్న మనిషికి 'మీ పాత డబ్బులో ఒక నెల అలాగే ఉంచాం, కొత్తగా ఏమీ కట్టక్కర్లేదు' అంటే గొంతు మారిపోతుంది. ఆ నెల తర్వాత కూడా వాళ్లకు నెలవారీయో మూడు నెలలదో ఇవ్వు, ఏడాది ప్లాన్ మళ్లీ అంటగట్టకు. ఒకసారి డబ్బు పోగొట్టుకున్నామన్న బాధ వాళ్లకు ఉంది. రోజూ వచ్చే మాస్టారికి కూడా దీని మీద అభ్యంతరం ఉండదు. అది వాళ్లు కట్టిన డబ్బే కదా.

వచ్చిన మొదటి వారం నీ చేతిలో ఉంటుంది, చిన్నా. అక్కడే చాలామంది పోతారు. ఐదు నెలల గ్యాప్ తర్వాత వచ్చినవాడు పాత బరువే ఎత్తాలని చూస్తాడు. మర్నాటి నుంచి రెండు మూడు రోజులు ఒళ్లు పట్టేసి మెట్లు దిగలేడు, నాలుగో రోజు రాడు. అందుకని ప్రతి పాత మెంబరుకూ ట్రైనర్ ఒక కార్డు రాయాలి. మొదటి వారం పాత బరువులో సగం, ఒక్కో ఎక్సర్‌సైజ్‌కు రెండే సెట్లు, రోజు విడిచి రోజు. కాళ్ల వ్యాయామం మరీ తేలిగ్గా ఉండాలి. నొప్పులు విపరీతంగా ఉండి మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే అది మామూలు ఒళ్లునొప్పి కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లమని వాళ్లకు ముందే చెప్పి ఉంచు. ఈమధ్యలో బీపీ, షుగర్, ఆపరేషన్ లాంటివి ఏమైనా వచ్చాయేమో కార్డు రాసేముందు అడగాలి. వచ్చి ఉంటే డాక్టర్ సరేనన్నాకే మొదలుపెట్టించు.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ మీద ఆశ పెట్టుకున్నావు. నీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. మానేసినవాళ్లలో ఎంతమంది ఇంకా నీ నంబరు ఉంచుకున్నారో చెప్పలేం. కొత్త నంబరు నుంచి వందల మందికి ఒకే మెసేజ్ కొడితే పది మంది రిపోర్ట్ చేస్తారు, నంబరే పోతుంది. బల్క్ ఎస్ఎంఎస్‌కైతే టెలికాం కంపెనీల దగ్గర డీఎల్‌టీ రిజిస్ట్రేషన్, టెంప్లేట్ అనుమతి కావాలి. రెండు వందల మంది కోసం ఆ తంటా అనవసరం. ఫోన్ వద్దన్నవాళ్ల పేరు పక్కన ఎర్ర సిరాతో గీత పెట్టి, మళ్లీ చెయ్యకు.

చివరిగా లెక్క. అప్పుడు మా జాబితాలో 212 మంది ఉన్నారు. కొట్టేయాల్సినవాళ్లను కొట్టేస్తే 160 మిగిలారు. అందులో నాలుగో పేరు, ఎనిమిదో పేరు, అలా వరుసగా నలభై మందిని పక్కన పెట్టి, వాళ్లకు ఎవరూ ఫోన్ చేయకూడదన్నాను. ఎవరిని వదలాలో మనసుకు వదిలిపెడితే, కష్టమైన మనుషుల్నే వదిలేస్తాం, అందుకే వరుస పట్టాను. మిగతా 120 మందికి చేశాం. రెండు నెలలకు ఫోన్ చేసినవాళ్లలో 21 మంది వచ్చారు. చేయని నలభైలో ముగ్గురు తమంతట తామే వచ్చారు. అంటే 120 మందిలో తొమ్మిది మంది ఎలాగూ వచ్చేవాళ్లే. ఫోన్లు తెచ్చింది పన్నెండు మందిని. ఆ నలభై మందిని పక్కన పెట్టకపోయి ఉంటే 21 మందీ నా గొప్పేననుకునేవాణ్ని. ఇంకోటి, ఫీజు కట్టినవాణ్ని వచ్చినట్టు రాసుకోకు. మొదటి ముప్పై రోజుల్లో ఎనిమిదిసార్లు వస్తేనే రాసుకో. నేనలా రాసుకున్నాను కాబట్టే ఈ అంకెల మీద నాకు నమ్మకం ఉంది.

ఈ వారం ఫోన్లేమీ వద్దు. చివరి హాజరు తేదీలు రాసి, రెండు రకాలుగా విడదీసి, ఆ పేజీల ఫొటోలు నాకు పంపు. ఆదివారం మధ్యాహ్నం ఖాళీగా ఉంటాను, ముప్పై మంది ఎవరో ఇద్దరం కూర్చుని ఎంచుదాం. అక్కకు నేను అడిగానని చెప్పు.

మామయ్య