టీజర్‌లో ఒక్క మాట ఇస్తే చాలు

«గంట వీడియో ఎపిసోడ్‌లో డాక్టర్ గారితో నిద్ర, కాఫీ, ఫోన్ అన్నీ మాట్లాడాం. టైటిల్ "ఎపిసోడ్ 14: మంచి నిద్రకు అద్భుత సలహాలు". టీజర్ "ఎన్నో ఆసక్తికర విషయాలు, మిస్ కాకండి". ఎవరూ క్లిక్ చేయట్లేదు.»

"ఎన్నో విషయాలు" అంటే చూసేవాళ్లకు ఏదీ చెప్పనట్టే. రికార్డింగ్ మళ్లీ విని, మీరే "అవునా!" అన్న చోటు పట్టుకోండి. అది కాఫీ దగ్గర అనుకుందాం. అప్పుడు టైటిల్ ఇలా:

"సాయంత్రం కాఫీ రాత్రి నిద్రను ఎందుకు చెడగొడుతుంది?"

టీజర్‌లో టైటిల్‌నే తిప్పి రాయకండి, ఒక అడుగు ముందుకెళ్లండి: "తాగిన 5 గంటల తర్వాత కూడా దాదాపు సగం కెఫీన్ ఒంట్లోనే ఉంటుంది. మరి చివరి కప్పు ఎన్నింటికి? డాక్టర్ గారి లెక్క వినండి."

ఎపిసోడ్ నంబర్ చివరికి పంపండి, ఫోన్‌లో పొడవైన టైటిల్ తోక తెగిపోతుంది. ఎపిసోడ్‌లో ఫోన్ గురించి మాట్లాడింది వదలడానికి మనసొప్పదు, తెలుసు. దాన్ని వీడియో కింది చాప్టర్లలో పెట్టండి.

ఒక్కటి చూసుకోండి: ఆ లెక్క వీడియోలో నలభయ్యో నిమిషంలో వస్తే జనం ఆగరు. క్లిక్‌లు పెరిగినా, జనం ఎంతవరకు చూశారో చూపే రిటెన్షన్ గ్రాఫ్ మొదట్లోనే పడిపోతుంటే కారణం అదే కావచ్చు. ఆ ముక్కను ముందుకు జరపండి.