మధ్యలో సున్నా ఉంటే 90 ఎటు పోతోంది?

ప్రశ్న: మా పాప మూడో తరగతి. మామూలు అప్పు తీసివేతలు బాగానే చేస్తుంది. పై సంఖ్య మధ్యలో సున్నా వస్తే మాత్రం ఎప్పుడూ తప్పే. ఎలా నేర్పాలి?

తప్పు పిల్లది కాదండీ, మనం చెప్పే ‘పక్కింటి అప్పు’ కథది.

మా మనవడు 402 నుంచి 168 తీసేసి 144 అని రాశాడు. రావలసింది 234. ట్యూషన్‌లో ఎర్ర పెన్నుతో ఇంటూ కొట్టి ‘శ్రద్ధ లేదు’ అని రాసి పంపారు. వాడు చాలా శ్రద్ధగానే తప్పు చేశాడు! ఎలా చేశావురా అంటే, “2 లోంచి 8 పోదు కదా తాతయ్యా. పక్కింట్లో సున్నా. అందుకని ఆ పైయింటికెళ్లి పది తెచ్చుకున్నా” అన్నాడు. అంటే 4 కాస్తా 3 అయింది, 12లోంచి 8 పోతే 4. పదులకు మళ్లీ అక్కడే అప్పు, 3 కాస్తా 2. 10లోంచి 6 పోతే 4, 2లోంచి 1 పోతే 1.

234కీ 144కీ తేడా సరిగ్గా 90. వందను విప్పి ఒకట్లకు పదే ఇచ్చాడు, మిగతా తొంభై ఏమైందో అడిగేవాళ్లు లేరు. ఏ ఇంటికెళ్లినా పదే ఇస్తారని కథ చెప్పింది మనమే కదా! మీ పాపకు కూడా 90 తక్కువ వస్తోందేమో చూడండి. అదే 402 - 168కి 366 వస్తే వేరే జబ్బు: పైదా కిందదా అని చూడకుండా పెద్ద అంకెలోంచి చిన్నది తీసేస్తోంది. అప్పుడు ముందు రెండంకెల లెక్కలకు వెళ్లాలి.

నేను ఈనెల చీపురు ఒకటి ముక్కలు చేశాను (మా ఆవిడ ఇంకా అంటూనే ఉంది). పదేసి పుల్లలకో రబ్బరు బ్యాండు, అలాంటి పది కట్టలకు మరొకటి. వంద పుల్లల్ని విడివిడిగా ఒకే కట్ట కట్టకండి, పది కట్టలు లోపల ఉండడమే ఇక్కడ కీలకం.

నాలుగు పెద్ద కట్టలు, రెండు పుల్లలు పెట్టి 168 ఇవ్వమన్నాను. పెద్ద కట్ట విప్పితే పది చిన్న కట్టలు పదుల గడిలో పడ్డాయి. వాటిలో ఒకటి విప్పితే పుల్లలు 12. “ఇక్కడ తొమ్మిది మిగిలాయి!” అని వాడే అరిచాడు. కట్ట విప్పిన ప్రతిసారీ కాగితం మీద అంకె మార్పించాను. పుల్లలు ఒక రోజు, కాగితం ఇంకో రోజు చేయిస్తే రెండూ కలవవు.

‘సున్నాను 9 చేసెయ్’ అనే వాట్సాప్ చిట్కా నాకు ఒళ్లుమంట. 420లో చివరి సున్నానూ 9 చేసేస్తారు పిల్లలు. నోట్లతోనూ చేయొచ్చు, కానీ పుల్లల తర్వాతే. వంద నోటును విప్పితే లోపల పదులు కనిపించవు కదా.

నాలుగో రోజు పుల్లలు దాచేసి 600 - 245 ఇచ్చాను. గోడకేసి చూస్తూ “ఒకటి విప్పితే తొమ్మిది కట్టలు” అని గొణుక్కుని 355 రాశాడు.