ముందే వచ్చిన మామిడి డబ్బుతో బంగారం విడిపించుకోవచ్చా?

ప్రశ్న: మాది నూజివీడు దగ్గర పల్లె. మూడెకరాల బంగినపల్లి తోట ఉంది. ఏటా పూత మీదే గుత్తకు ఇచ్చేవాళ్లం. ఈసారి ఇవ్వకుండా తోట పనులు చిన్న వీడియోలుగా పెట్టాను. హైదరాబాద్ నుంచి 300 పెట్టెలకు ఆర్డర్లు వచ్చాయి. ఐదు కిలోల పెట్టె ఇంటికి చేర్చి 800 రూపాయలు. అందరూ పూర్తి డబ్బు పంపేశారు, 2,40,000 ఖాతాలో ఉంది. కోత మే మొదటి వారంలో. ఈ డబ్బుతో బ్యాంకులో ఉన్న 2 లక్షల బంగారం రుణం తీర్చేద్దామా? ఇంకా ఆర్డర్లు తీసుకోవచ్చా? పక్క ఊళ్లో ఒకరు 650కే ఇస్తామంటున్నారు, నేనూ తగ్గించాలా?

జవాబు: బంగారం రుణం ఇప్పుడు తీర్చకండి. ఖాతాలో కనిపిస్తున్న 2,40,000 ఇంకా మీ సంపాదన కాలేదు. కాయ ఇంకా చెట్టు మీదే ఉంది. పెట్టె ఇంటికి చేరి, పండు మాగి, తిన్నవాళ్లు బాగుందన్నాకే ఆ 800 మీవి అవుతాయి. అప్పటిదాకా అది 300 మందికి మీరు పడ్డ బాకీ.

నెల ముందు రుణం తీర్చితే మిగిలేది ఎంతో చూడండి. వడ్డీ ఏడాదికి 9 శాతం అనుకుంటే 2 లక్షల మీద నెలకు 1,500 రూపాయలు. ఈ 1,500 కోసం డబ్బంతా బ్యాంకులో కట్టేశాక ఏప్రిల్ చివర్లో ఒక గాలివాన కాయను రాల్చేసిందనుకోండి. 300 మందికి వారంలోగా డబ్బు వెనక్కివ్వాలి, చేతిలో ఉండదు. నగలు మళ్లీ తాకట్టు పెట్టాలన్నా మళ్లీ తూకం, మళ్లీ ఖర్చులు, మళ్లీ బ్యాంకు చుట్టూ తిరగడం. రుణం గడువు ఈలోపే ముగుస్తుంటే మాత్రం బ్యాంకుకు వెళ్లి వడ్డీ కట్టి కొత్త గడువు రాయించుకోండి.

ఈ డబ్బు కోసం ఒక పొదుపు ఖాతా విడిగా తెరవండి. వీడియోల్లో చూపించే క్యూఆర్ కోడ్ ఆ ఖాతాదే పెట్టండి. ఇంటి ఖర్చు, ఎరువుల దుకాణం బాకీ, పిల్లల ఫీజు దాని జోలికి రాకూడదు. ఆ ఖాతా నుంచి ముందుగా తీయదగ్గది అట్టపెట్టెల డబ్బు ఒక్కటే, ఎందుకంటే అవి కోతకు ముందే కొనాలి.

ఇప్పుడు ఒక పెట్టె లెక్క చూద్దాం. ఇందులో వేసిన ధరలు నా అంచనా. మీ ఊరి ధరలు వేసుకుని మళ్లీ కట్టుకోండి, పద్ధతి మాత్రం ఇదే.

పచ్చికాయ మాగేటప్పుడు నీరు తగ్గి తూకం పడిపోతుంది. పండు ఐదు కిలోలు ఉండాలంటే కాయ ఐదున్నర కిలోలు పెట్టాలి. కోత కూలి, ఏరడం కలిపి పెట్టెకు 25 రూపాయలు. గాలి రంధ్రాలున్న గట్టి అట్టపెట్టె, కాగితం, వరిగడ్డికి 60. హైదరాబాద్ దాకా కార్గోకు 70, అక్కడి నుంచి ఇంటి గుమ్మానికి 90. ఆర్డర్లు రాసుకుని, ఫోన్లు చేసి, పెట్టెలు కట్టే మీ ఇంటివాళ్ల శ్రమకు 30. ఈ 30 వేయకుండా లెక్క కట్టే రైతులే ఎక్కువ. అలా కడితే లేని లాభం కనిపిస్తుంది. చివరగా, చెడిపోయిన పెట్టెల కోసం 50 పక్కన పెట్టండి. 300లో ఓ 18 పెట్టెలకు డబ్బు తిరిగివ్వాల్సి వస్తుందన్న లెక్క అది. మొత్తం 325. పోగా మిగిలేది 475, అంటే పచ్చికాయ కిలోకు 86 రూపాయలు పడింది.

ఇదే కాయ తోటలోనో మార్కెట్లోనో, కమీషన్, తరుగు పోను మీ చేతికి కిలోకు 40 ఇస్తుందనుకుందాం. 300 పెట్టెలకు పట్టేది 1,650 కిలోలు. కిలోకు 46 చొప్పున సుమారు 76 వేలు అదనం. చాలామంది లెక్క ఇక్కడే ఆపేస్తారు.

మీ మూడెకరాల్లో ఈసారి తొమ్మిది టన్నులు దిగుతుందనుకుంటే, పెట్టెల్లోకి వెళ్లేది రెండు టన్నులు కూడా లేదు. మిగిలిన ఏడు టన్నుల పైచిలుకు కాయ వ్యాపారికే అమ్మాలి. అదీ మేలు కాయ ఏరేశాక మిగిలింది. దాన్ని చూసిన వ్యాపారి మొదటి ధర ఇవ్వడు. కిలోకు ఐదు రూపాయలు తగ్గించాడంటే 7,350 కిలోల మీద 36,750 పోతుంది. అప్పుడు ఇంత కష్టానికీ మిగిలే అదనం 40 వేల లోపు. ఇది తక్కువేం కాదు, పైగా పెట్టెకు 30 చొప్పున ఇంటి కూలి 9 వేలు కూడా మీ ఇంట్లోనే ఉంటాయి. కానీ ఫోన్లో కనిపించే 2,40,000 వేరు, ఈ 40 వేలు వేరు. రుణం సంగతి ఆలోచించేటప్పుడు ఈ రెండో అంకె ముందు పెట్టుకోండి. ఆ వ్యాపారితో ఇప్పుడే మాట్లాడండి. ఎంత కాయ ఏరుకుంటున్నారో ముందే చెప్పి మిగతా కాయకు ధర ఖాయం చేసుకుంటే, కోత రోజున ధర పడగొట్టడం అంత తేలిక కాదు.

650కి తగ్గించాలా అన్నదానికి జవాబు ఈ లెక్కలోనే ఉంది. పెట్టెకు 150 తగ్గిస్తే 300 పెట్టెల మీద 45 వేలు పోతుంది. అదనంగా వచ్చే 40 వేలూ అందులోనే కొట్టుకుపోతాయి. అంతకంటే గుత్తకు ఇచ్చి ఊరుకోవడం మేలు. పక్క ఊరివాళ్లు ఇంటికి చేరుస్తున్నారో, బస్టాండుకు వచ్చి తీసుకెళ్లమంటున్నారో కూడా కనుక్కోండి.

ధర తగ్గించకుండా ఖర్చు తగ్గించే చోటు ఒకటుంది, ఆ 90 రూపాయల చివరి అంచె. ఒక్కో ఇంటికి ఒక్కో పెట్టె తిప్పితే అంత పడుతుంది. ఒకే అపార్ట్‌మెంట్ సముదాయానికి నలభై పెట్టెలు ఒకేసారి దింపితే చిన్న ట్రాలీ ఆటో బాడుగ అందరి మీదా పంచుకుని పెట్టెకు 25, 30కి దిగుతుంది. అందుకే కొత్త ఆర్డర్లు ప్రాంతాలవారీగా తీసుకోండి. ఈ బుధవారం ఒక వైపు, వచ్చే శనివారం మరో వైపు అని వీడియోలో చెప్పండి. విదేశాల్లో ఉన్న పిల్లలు హైదరాబాద్‌లోని తల్లిదండ్రుల కోసం డబ్బు పంపే ఆర్డర్లు కూడా వస్తుంటాయి. వాటికి తీసుకునేవారి ఫోన్ నంబర్ తప్పక రాసుకోండి. డబ్బు కట్టినవాళ్లు నిద్రలో ఉన్న వేళ పెట్టె గేటు దగ్గర ఎండలో ఉండిపోతే ఆ నష్టం మీదే.

ఇంకా ఎన్ని తీసుకోవచ్చో చూద్దాం. తొమ్మిది టన్నుల్లో మచ్చ లేని, సైజున్న కాయ సగం అనుకుంటే నాలుగున్నర టన్నులు, అంటే కాగితం మీద 800 పెట్టెలు. కానీ గాలివాన ఉంది, పండు ఈగ ఉంది. అందుకని అందులో సగానికి మించి మాట ఇవ్వకండి. 400 దగ్గర ఆపండి. కొత్తగా తీసుకునే వందకూ పూర్తి డబ్బు అడగొద్దు. బుకింగ్‌కు 200, పెట్టె బండి ఎక్కే రోజున మిగతా 600. గాలివాన వస్తే తిరిగివ్వాల్సింది తక్కువే ఉంటుంది.

మూడు వందల పెట్టెలూ ఒకే వారంలో పంపాలని చూడకండి. చెట్లన్నీ ఒకేసారి పక్వానికి రావు. తొందరపడి లేత కాయ కోస్తే మాగదు, ముడుచుకుపోయి పుల్లగా ఉంటుంది. తొడిమ పక్కన భుజాలు నిండాయో లేదో చూడండి. నీళ్లలో వేస్తే మునిగేది ముదురు, తేలేది లేత. తొడిమ కొంచెం ఉంచి కోసి, సొన కారిపోయాక పెట్టెలో పెట్టండి. యాభై పెట్టెల చొప్పున ఆరు విడతలు చేసుకోండి. ఒక్కో విడత చేరాక ఎనిమిది రోజులు ఆగండి. పండు మాగి, ఫిర్యాదులు రావాల్సినవి ఆలోపు వచ్చేస్తాయి. తరవాత ఆ విడత మిగులు, యాభై పెట్టెలకు 23,750, మీ మామూలు ఖాతాలోకి మార్చుకోండి. ఆరు విడతలూ అయ్యాక 1,42,500 అవుతుంది. దానికి వ్యాపారి ఇచ్చిన డబ్బు కలిపి, మందులు, ఎరువుల బాకీలు తీర్చాక బంగారం విడిపించుకోండి.

ఆ 50 రూపాయల నిధి సరిపోతుందా లేదా అన్నది చాలావరకు మీ వీడియోల మీదే ఆధారపడుతుంది. డబ్బు వెనక్కి అడిగేవాళ్లలో చాలామంది కోపం పండు చెడినందుకు కాదు, పచ్చి కాయ వచ్చినందుకు. కార్బైడ్ వేయకుండా పంపితే కాయ పచ్చగానే చేరుతుంది. కార్బైడ్‌తో మగ్గబెట్టడం చట్టప్రకారం నిషిద్ధం కూడా. అందుకే డబ్బు తీసుకునే ముందే ఒక వీడియో పెట్టండి. పెట్టె తెరిచి, పచ్చి కాయ చూపించి, గడ్డిలో ఎన్ని రోజులు ఉంచాలో, ఫ్రిజ్‌లో ఎప్పుడు పెట్టాలో చెప్పండి. కాయను కాటా మీద పెట్టి చూపండి, ఐదు కిలోలకు ఎన్ని వస్తాయో తెలుస్తుంది. తొక్క మీద సొన మరక, గాలికి కొమ్మ రాసుకున్న గీత ఉన్న కాయలూ చూపండి. మందు కొట్టి ఉంటే చివరిసారి ఎప్పుడు కొట్టారో చెప్పండి, ఆ తోటను సేంద్రియం అనకండి. గాలివాన వస్తే ఆ సాయంత్రమే రాలిన కాయలు చూపించి, డబ్బు వెనక్కి కావాలా, ఆఖరి విడత దాకా ఆగుతారా అని అడగండి. వారం ఆగి చెబితే ఇద్దరు ముగ్గురు తప్ప అందరూ డబ్బే అడుగుతారు.

పన్ను విషయం. సొంత తోట కాయ అమ్మితే వచ్చేది వ్యవసాయ ఆదాయం, దానికి ఆదాయపు పన్ను లేదు. ఇంట్లో జీతంలాంటి వేరే ఆదాయం మీ పేరునే ఉంటే, దాని మీద పన్ను కట్టేటప్పుడు దీన్ని కూడా చూపాల్సి రావచ్చు. తాజా మామిడికి జీఎస్టీ లేదు. వీడియోలకు ఆ యాప్ ఇచ్చే డబ్బు మాత్రం వ్యవసాయ ఆదాయం కాదు.

ఆర్డర్లు పెరిగితే పొరుగు తోట కాయ కొని పెట్టెల్లో కలపాలనిపిస్తుంది. అలా కొని అమ్మితే ఆ భాగం వ్యాపారం అవుతుంది. దాని లాభానికి ఆదాయపు పన్ను వర్తిస్తుంది, ఆహార భద్రత శాఖ దగ్గర రిజిస్ట్రేషన్ కావాలి. మీ చెట్టు చూసి డబ్బు కట్టినవారికి ఆ కాయ ఎవరిదో చెప్పాలి కూడా. ఈ ఏడాదికి ఆ పని పెట్టుకోకండి. 400 దాటి అడిగినవారి పేర్లు, ఫోన్ నంబర్లు, ప్రాంతం ఒక పుస్తకంలో రాసుకోండి, డబ్బు మాత్రం తీసుకోకండి. వచ్చే ఏడాది పూత చూశాక, గుత్తకు ఇవ్వాలా వద్దా అని తేల్చుకునేటప్పుడు ఆ పుస్తకం తెరిచి ఎంత కాయకు కొనేవాళ్లున్నారో లెక్క కట్టుకోవచ్చు.